వెళ్లిపోయిన బస్సులో ఖాళీ సీటు
సేవల మార్కెటింగ్‌లోని నాలుగు లక్షణాలు, ఒక రాత్రి ప్రయాణం లెక్కలో

రాత్రి పదకొండు గంటలకు హైదరాబాద్ ఇమ్లీబన్ బస్టాండ్ నుంచి విజయవాడ బస్సు కదిలిందనుకుందాం. సీట్లు 36. నిండినవి 28. మిగతా ఎనిమిది ఖాళీగానే ఊరు దాటాయి. మర్నాడు అదే బస్సు అదే వేళకు మళ్లీ బయల్దేరుతుంది, కానీ ఆ ట్రిప్పులో సీట్లు 44 కావు, 36 మాత్రమే. నిన్నటి ఎనిమిది సీట్లు ఏ గోదాములోనూ లేవు. పక్కనే కొట్టులో అమ్ముడుపోని సబ్బులు మాత్రం అరలో అలాగే ఉన్నాయి, రేపో ఎల్లుండో ఎవరో ఒకరు కొంటారు.

సబ్బు అమ్మేవాడికి లేని ఇబ్బంది సీటు అమ్మేవాడికి ఎందుకొచ్చింది? బీకాం, బీబీఏ, ఎంబీఏ విద్యార్థులకు ఏటా పరీక్షలో ఎదురయ్యే ‘సేవల లక్షణాలు’ అన్న ప్రశ్న అడిగేది ఇదే. జవాబులో రాయాల్సినవి నాలుగు. సేవ చేతికి చిక్కేది కాదు, ఇది ఇంటాంజిబిలిటీ. సేవను ఇచ్చేవాళ్ల నుంచి, పుచ్చుకునేవాళ్ల నుంచి వేరు చేయలేం, ఇది ఇన్‌సెపరబిలిటీ. ఒకసారి అందినట్టు ఇంకోసారి అందదు, ఇది వేరియబిలిటీ. నిల్వ ఉండదు, ఇది పెరిషబిలిటీ. 1985లో వలేరీ జైథామల్, ఎ. పరశురామన్, లెనర్డ్ బెరీ అంతకుముందు వచ్చిన రచనలన్నీ వడగట్టి, సేవలను వస్తువుల నుంచి విడదీసేవిగా అందరూ చెబుతున్నవి ఈ నాలుగేనని జర్నల్ ఆఫ్ మార్కెటింగ్‌లో రాశారు. ఈ ముగ్గురిలో పరశురామన్ మద్రాసు ఐఐటీలో, అహ్మదాబాద్ ఐఐఎంలో చదివి అమెరికా వెళ్లినవారు. ఆ వ్యాసంలో వేరియబిలిటీకి వాడిన పేరు హెటిరోజెనిటీ. కొన్ని పాఠ్యపుస్తకాల్లో ఈ పేరే కనిపిస్తుంది. ప్రశ్నపత్రంలో ఏది వచ్చినా రాయాల్సిన జవాబు ఒక్కటే.

నాలుగు లక్షణాలకు నాలుగు చోట్ల నుంచి ఉదాహరణలు ఏరుకోవడం విద్యార్థులకు అలవాటు. బ్యాంకు ఒకచోట, క్షౌరశాల ఇంకోచోట, హోటల్ మరోచోట వస్తాయి. దానివల్ల ఇవి నాలుగు వేర్వేరు రకాల సేవలనే భ్రమ కలుగుతుంది. నిజానికి నాలుగూ ఒకే సేవలో, ఒకే రాత్రి కలిసి పనిచేస్తాయి. ఒకదానికి వేసిన మందు ఇంకోదాన్ని రేపుతుంది కూడా. అందుకే ఆ విజయవాడ బస్సును చివరిదాకా వదలకుండా చూడాలి.

టికెట్ కొన్నవారు కొన్నదేమిటి

పది రోజుల ముందే ఒకాయన ఫోన్‌లో సీటు బుక్ చేసి 500 రూపాయలు కట్టాడు. బదులుగా చేతికి వచ్చింది ఒక మెసేజ్: సర్వీసు నంబరు, సీటు నంబరు, ఎక్కాల్సిన చోటు. అందులో ప్రయాణం లేదు, ప్రయాణం చేయిస్తామన్న మాటే ఉంది. విజయవాడలో దిగాక కూడా ఆయన దగ్గర మిగిలే వస్తువేమీ లేదు. సీటు మీద ఆయనకు ఆరు గంటల హక్కే తప్ప యాజమాన్యం లేదు.

పరీక్షలో ఇక్కడ ఒక పొరపాటు తరచూ దొర్లుతుంది. ‘సేవను చూడలేం, తాకలేం’ అని రాసి బస్సు ఉదాహరణ ఇస్తారు. బస్సు కనిపిస్తూనే ఉంది కదా, సీటును తాకుతున్నాం కదా అని పేపరు దిద్దేవారికి సందేహం రాక మానదు. కంటికి కనిపించే బస్సు సేవ జరగడానికి వాడే పరికరం. కొన్నది మాత్రం తెల్లారేలోపు క్షేమంగా ఊరు చేరడం. చేతికి చిక్కనిది అదే. ఈ తేడాను 1977లోనే లిన్ షోస్టాక్ విడమరిచారు. అచ్చంగా వస్తువు, అచ్చంగా సేవ అన్నవి అరుదని, దాదాపు ప్రతిదీ రెండింటి కలయికేనని ఆమె వాదన. ఆమె గీసిన వరుసలో ఒక కొసన ఉప్పు ఉంటుంది, రెండో కొసన పాఠం చెప్పడం ఉంటుంది. ఫాస్ట్‌ఫుడ్ హోటల్ నడిమధ్య పడుతుంది. విమాన ప్రయాణం పాఠం వైపుకు జరుగుతుంది. మన బస్సు చోటూ అక్కడే.

చూసి కొనలేనప్పుడు కొనేవారు ఆనవాళ్లు వెతుకుతారు. బస్సు ఫోటో, సీట్ల పటం, పాత ప్రయాణికులు ఇచ్చిన చుక్కలు, బస్సు ఇప్పుడెక్కడుందో చూపే ట్రాకింగ్ ఇవన్నీ ఆనవాళ్లే. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ, గరుడ అని ఆర్టీసీ పెట్టిన పేర్లూ అలాంటివే. ఆ పేరు వినగానే ఎన్నిచోట్ల ఆగుతుంది, సీటు వెనక్కి వాలుతుందా, ఏసీ ఉంటుందా అన్నది ఎక్కకముందే ఒక అంచనాకు వస్తుంది. ఏడు ‘పీ’లలో ఫిజికల్ ఎవిడెన్స్ అని విడిగా ఒకటి చేర్చింది ఇందుకే. 1981లో బూమ్స్, బిట్నర్ పాత నాలుగు పీలకు మనుషులు, ప్రక్రియ, భౌతిక ఆధారం అనే మూడింటిని కలిపారు.

అయితే ఆనవాళ్లతో తేలే సంగతులు కొన్నే. టికెట్ ధర, బయల్దేరే వేళ కొనకముందే తెలుస్తాయి. సీటు సుఖంగా ఉందా, డ్రైవర్ కుదుపుల్లేకుండా నడిపాడా అన్నది ప్రయాణం చేశాకే తెలుస్తుంది. బ్రేకులు నిజంగా తనిఖీ చేశారా, డ్రైవర్ పగలు సరిపడా నిద్రపోయాడా అన్నది క్షేమంగా దిగాక కూడా ప్రయాణికుడికి తెలియదు. ఈ మూడింటినీ వరసగా సెర్చ్, ఎక్స్‌పీరియన్స్, క్రెడెన్స్ గుణాలంటారు. మూడో రకం ఎక్కువగా ఉన్న సేవల్లో, అంటే వైద్యం, వకీలు సలహా, మోటారు మరమ్మతు లాంటి వాటిలో, జనం ప్రకటన కంటే తెలిసినవాళ్ల మాటనే ఎక్కువగా నమ్ముతారు.

దీనికి మార్కెటింగ్ మందు ఆధారాలు చూపించడం. ఆ మందూ మోతాదు మించకూడదు. కొత్త బస్సు ఫోటో పెట్టి పాత బస్సు పంపితే, ఫోటో లేనప్పటికంటే కోపం ఎక్కువ వస్తుంది. ఎందుకంటే ప్రయాణికుడు కొలిచేది బస్సును ఒక్కదాన్నే కాదు, తాను ఆశించినదానికీ అందినదానికీ మధ్య ఉన్న దూరాన్ని. అదే ముగ్గురు పరిశోధకులు 1988లో తెచ్చిన సర్వ్‌క్వాల్ కొలత ఈ దూరం మీదే నిలబడింది.

తయారీ, వాడకం ఒకేసారి

సబ్బు ఒక ఊళ్లో తయారై, ఇంకో ఊళ్లో అమ్ముడై, మూడో ఊళ్లో అరుగుతుంది. తయారుచేసినవాళ్ల ముఖం వాడేవారికి తెలియదు. బస్సులో అలా కుదరదు. డ్రైవర్ స్టీరింగు తిప్పుతున్న ప్రతి నిమిషం వెనక ప్రయాణికుడు ఆ నిమిషాన్ని వాడుకుంటూనే ఉంటాడు. ముందే 270 కిలోమీటర్లు తయారుచేసి పెట్టుకుని, లోపాలున్నవి ఏరి పారేసి, మంచివే అమ్మడం సాధ్యం కాదు. ఫ్యాక్టరీలో తప్పు గేటు దాటకముందు పట్టుబడే వీలుంది. ఇక్కడ తప్పు జరిగేదే కొన్నవాడి కళ్లముందు.

దీన్నుంచి మూడు సంగతులు పుడతాయి. మొదటిది, సేవ ఇచ్చే మనిషే సేవలో భాగం. కండక్టర్ విసుక్కుంటే ‘కండక్టర్ మంచివాడు కాదు, ప్రయాణం బాగుంది’ అని ఎవరూ విడదీసి చెప్పరు. ఆ బస్సు బాగాలేదనే అంటారు. రెండోది, ప్రయాణికుడూ తయారీలో పనివాడే. ఎల్బీనగర్‌లో ఎక్కాల్సినాయన ‘రెండు నిమిషాలు, వచ్చేస్తున్నా’ అని ఫోన్‌లో చెబుతూ పావుగంట ఆలస్యం చేస్తే బస్సూ పావుగంట ఆలస్యమైనట్టే. మూడోది, పక్క ప్రయాణికులు. ఇయర్‌ఫోన్లు లేకుండా సినిమా పెట్టుకున్న ఒక్కరి వల్ల చుట్టూ ఉన్న నాలుగు వరుసలకు నిద్ర ఉండదు. సంస్థ డబ్బు తీసుకున్నది ఆ నాలుగు వరుసల దగ్గర కూడా, కానీ వాళ్ల నిద్ర పాడుచేసిన మనిషి సంస్థ ఉద్యోగి కాదు.

అందుకే సేవల సంస్థలు ఉద్యోగులతోపాటు కొనేవారికీ ఒకమేరకు శిక్షణ ఇస్తాయి. ‘పదిహేను నిమిషాల ముందు రండి’ అన్న మెసేజ్, ఎక్కే చోటి మ్యాపు, డ్రైవర్ ఫోన్ నంబరు ఆ శిక్షణే. వేరు చేయగలిగిన పనిని వేరు చేయడం ఇంకో దారి. ఒకప్పుడు టికెట్ కొనడానికి బస్టాండుకు వెళ్లి వరసలో నిలబడాల్సి వచ్చేది. ఆన్‌లైన్ బుకింగ్ ఆ ఒక్క ముక్కనూ ప్రయాణం నుంచి విడదీసింది. కూర్చుని వెళ్లే ముక్క మాత్రం విడిపోదు.

ఇక్కడే ఈ లక్షణానికి ఉన్న హద్దు కూడా కనిపిస్తుంది. అదే బస్సు అడుగున ఉన్న డిక్కీలో పార్సిళ్లు వెళ్తుంటాయి. పంపినవాళ్లు హైదరాబాద్‌లో ఇంట్లో నిద్రపోతుంటారు, అందుకోవాల్సినవాళ్లు విజయవాడలో. సేవ జరుగుతున్నప్పుడు ఇద్దరిలో ఎవరూ అక్కడ లేరు. పైన సీట్లో ఉన్న సేవకు ఇన్‌సెపరబిలిటీ పూర్తిగా వర్తిస్తే, కింద డిక్కీలో ఉన్నదానికి దాదాపు వర్తించదు. క్రిస్టఫర్ లవ్‌లాక్, ఎవర్ట్ గుమెసన్ 2004లో రాసిన విమర్శలో ముఖ్యాంశాల్లో ఇదొకటి. సరుకు రవాణా, బట్టల ఉతుకు, మరమ్మతుల వంటి ఎన్నో సేవలు కొనేవారు దగ్గర లేకుండానే జరిగిపోతాయి కాబట్టి, నాలుగు లక్షణాలూ అన్ని సేవలకూ సమానంగా అతకవని వాళ్లు చూపించారు. దీర్ఘ సమాధానంలో ఈ ఒక్క పేరా రాసినా, బట్టీ పట్టినవారికీ ఆలోచించినవారికీ తేడా తెలిసిపోతుంది.

సగటు సరే, నమ్మకం మాట?

వేరియబిలిటీ అనగానే ‘సేవ మనిషిని బట్టి మారుతుంది’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తుంటారు. దాని బరువు తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. రెండు బస్సులు, రెండూ తెల్లవారుజామున 5 గంటలకు విజయవాడ చేరాలి. ఐదు రోజుల్లో మొదటి బస్సు చేరిన వేళలు 5:00, 5:10, 4:50, 5:05, 4:55. రెండో బస్సువి 4:20, 5:50, 4:40, 5:40, 4:30. సగటు కడితే రెండింటికీ సరిగ్గా 5:00 వస్తుంది. నెలవారీ నివేదికలో సగటు ఒక్కటే చూసే అధికారికి రెండూ సమానంగా మంచి బస్సులే.

ప్రయాణికుడికి అలా కాదు. 5:30కి విజయవాడలో రైలు అందుకోవాల్సినవారు మొదటి బస్సు ఎక్కితే ఐదు రోజులూ అందుకుంటారు. రెండోది ఎక్కితే రెండు రోజులు రైలు తప్పిపోతుంది. ముందుగా చేరిన రోజులూ మేలు చేయలేదు. 4:20కి చీకట్లో దిగి, తీసుకెళ్లడానికి వచ్చే తమ్ముడి కోసం బస్టాండులో కూర్చోవాలి. ఇక్కడ సమస్య ఆలస్యం కంటే అంచనాకు అందకపోవడం. దాన్ని పట్టుకోవాలంటే సగటుతోపాటు చెదురును, అంటే అన్నిటికంటే ముందు వేళకూ అన్నిటికంటే ఆలస్యమైన వేళకూ మధ్య తేడాను చూడాలి. మొదటి బస్సుకు అది 20 నిమిషాలు, రెండోదానికి గంటన్నర.

చెదురుకు కారణాలు మూడు వైపుల నుంచి వస్తాయి. డ్రైవర్ నేర్పు, అలసట సంస్థ వైపువి. ఎక్కేచోట ఆలస్యం, దారిలో ఆపమని అడగడం ప్రయాణికుల వైపువి. వాన, పొగమంచు, పండగ రద్దీ బయటివి. మందు కూడా దాన్నిబట్టే వేయాలి. డ్రైవర్‌కు శిక్షణ ఇచ్చినంత మాత్రాన పొగమంచు తగ్గదు. పొగమంచు నెలల్లో టైమ్‌టేబుల్‌లోనే అరగంట కలిపి చెబితే మాట నిలబడుతుంది.

సంస్థ వైపు నుంచి వచ్చేవాటిని తగ్గించడానికి షోస్టాక్ చూపించిన సాధనం సర్వీస్ బ్లూప్రింట్. సేవలోని ప్రతి అడుగునూ కాగితం మీద వరసగా గీసి, కొనేవారి కంటికి కనిపించేవి గీతకు పైన, కనిపించనివి కింద పెడతారు. ప్రతి అడుగు దగ్గరా రెండు ప్రశ్నలు రాసుకుంటారు: ఇక్కడ ఏం తప్పు జరగొచ్చు, దీనికి ఎంతసేపు పట్టాలి. మన బస్సుకైతే ఎక్కించుకోవడం, టికెట్ చూడటం, దారిలో టీకి ఆపడం గీతకు పైన ఉంటాయి. డిపోలో గాలి, ఆయిల్, లైట్లు చూడటం, డ్రైవర్‌కు విశ్రాంతి దొరికిందని నిర్ధారించుకోవడం కింద ఉంటాయి. సూర్యాపేట దగ్గర టీకి ఆపితే ‘పది నిమిషాలు’ అన్నది పాతిక అవుతుంటుంది. తిరిగి ఎక్కినవాళ్లను లెక్కపెట్టే అడుగు బ్లూప్రింట్‌లో లేకపోతే ఒకరిని వదిలేసి వెళ్లే ప్రమాదమూ ఉంది.

ఇంకో దారి పనిని ఒకే తీరుకు తేవడం. మదురై అరవింద్ కంటి ఆస్పత్రి శుక్లాల ఆపరేషన్లలో ఇదే చేసింది. ఒక రోగికి ఆపరేషన్ జరుగుతుండగానే పక్క బల్లమీద తర్వాతి రోగిని సిద్ధం చేస్తారు. డాక్టర్ ఒకటి ముగించి అటు తిరుగుతారు. సిద్ధం చేసే పనులన్నీ శిక్షణ పొందిన సహాయకులు ఎప్పుడూ ఒకే వరసలో చేస్తారు. అయితే అన్ని సేవల్లోనూ తేడా తప్పే అనుకోకూడదు. నడవలేని పెద్దావిడ కోసం డ్రైవర్ స్టాపుకు పది అడుగుల ముందే ఆపితే అదీ వేరియబిలిటీయే. కచ్చితంగా ఒకేలా ఉండాల్సినవేవి, మనిషిని బట్టి మారాల్సినవేవి అని విడదీసుకోవడం మేనేజర్ పని. వేగం, వేళ, భద్రత మొదటి జాబితాలోకి వస్తాయి. మాట తీరు, చిన్న సాయం రెండోదాంట్లోకి వస్తాయి.

ఎనిమిది సీట్ల లెక్క

ఇప్పుడు ఖాళీగా వెళ్లిన ఆ ఎనిమిది సీట్ల దగ్గరికి రావాలి. పెరిషబిలిటీని కూరగాయలు కుళ్లిపోవడంతో కలిపేయకూడదు. టమాటాలను చల్లటి గదిలో పెట్టి నాలుగు రోజులు ఆపొచ్చు. రాత్రి 11 గంటల సీటును 11 దాటాక అరనిమిషం కూడా ఆపలేం. పైగా పోయేది సేవ కాదు, ఎందుకంటే అక్కడ సేవ జరగనేలేదు. పోయేది సేవ చేయగల సామర్థ్యం.

లెక్క సులువుగా ఉండటానికి అంకెలు ఊహించుకుందాం. ఒక ట్రిప్పుకు డీజిల్, టోల్, జీతాలు, బస్సు అరుగుదల అన్నీ కలిపి 13,000 రూపాయలు. టికెట్ 500. బస్సు నిండితే 18,000 వస్తుంది. 28 మందే ఎక్కితే 14,000. ఖర్చు మాత్రం రెండు సందర్భాల్లోనూ దాదాపు అంతే. ఇరవై తొమ్మిదో మనిషి ఎక్కినంత మాత్రాన డీజిల్ చెప్పుకోదగ్గంత పెరగదు. కాబట్టి ఆ మనిషి ఇచ్చేది ఎంతైనా దాదాపు మొత్తం మిగులే.

అలాంటప్పుడు ఖాళీ సీట్లను 350కి అమ్మేస్తే సరిపోదా? ఆరు అమ్ముడైతే 2,100 అదనంగా వస్తుంది. లాభమే అనిపిస్తుంది. కానీ 500 ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న 28 మందిలో కొందరు ఈ సంగతి కనిపెట్టి, వాళ్లూ 350 టికెట్ కోసం చివరిదాకా ఆగుతారు. అలా ఆగిన ఒక్కొక్కరి దగ్గరా సంస్థ 150 పోగొట్టుకుంటుంది. 2,100ను 150తో భాగిస్తే 14. పద్నాలుగు మంది అటు మళ్లితే తగ్గింపు వల్ల వచ్చిందంతా హరించుకుపోతుంది, పదిహేనో మనిషి నుంచి నష్టం మొదలవుతుంది. పెరిషబిలిటీకి ‘ధర తగ్గించాలి’ అని మాత్రమే రాసే జవాబు ఇక్కడే తప్పుతుంది. ఎవరికి తగ్గించాలి, ఎవరికి తగ్గించకూడదు అన్నదే అసలు చిక్కు.

దానికి పరిష్కారం అడ్డుగోడలు. తక్కువ ధరను ఒక షరతుకు కట్టేస్తారు. ఆ షరతు తీరిక ఉన్నవారికి భారం అనిపించకూడదు, తొందరలో ఉన్నవారికి కుదరకూడదు. నెల ముందు కొనాలి, మంగళ బుధవారాల్లో వెళ్లాలి, రానూపోనూ కలిపి తీసుకోవాలి, రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదు లాంటివి ఆ గోడలు. రేపు ఇంటర్వ్యూ ఉన్నవాడు నెల ముందు కొనలేడు, కాబట్టి 500 ఇస్తాడు. సెలవులకు పిల్లల్ని అమ్మమ్మ ఊరికి తీసుకెళ్లే తల్లి ముందే కొంటుంది, తక్కువలో వెళ్తుంది. అమెరికాలో రాబర్ట్ క్రాండాల్ నాయకత్వంలోని అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1985లో పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చవక విమాన సంస్థను ఎదుర్కొన్నది ఈ ఎత్తుతోనే. చాలా ముందుగా కొనేవారికి భారీగా తగ్గించింది. ఆ ధరకు ఇచ్చే సీట్లు ఎన్నో ప్రతి విమానానికీ కంప్యూటర్‌తో లెక్కగట్టింది, మిగతావి చివరి నిమిషంలో వచ్చే వ్యాపారుల కోసం పూర్తి ధరకు అట్టిపెట్టింది. ఈ పద్ధతికే యీల్డ్ మేనేజ్‌మెంట్ అని పేరు వచ్చింది.

మన రైల్వే తిరగేసిన పద్ధతి తెచ్చింది. 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ఫ్లెక్సీ ఫేర్ మొదలైంది. ప్రతి పది శాతం బెర్తులు అమ్ముడైనకొద్దీ తర్వాతి వాటి మూల ధర పది శాతం పెరుగుతూ, మొదట్లో ఒకటిన్నర రెట్ల దాకా వెళ్లేది. ఖాళీ మిగలకుండా చూసే మరో ఏర్పాటు రైల్వేలో ఎప్పటి నుంచో ఉంది. అవే వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ. కొందరు ఎలాగూ రద్దు చేసుకుంటారని రైల్వేకు తెలుసు. ఆ బెర్తు ఖాళీగా పోకుండా ముందే వరసలో మనుషుల్ని నిలబెడుతుంది. సీటును నిల్వ చేయలేం కాబట్టి గిరాకీని నిల్వ చేయడమన్నమాట.

ధరతో అన్నీ తేలవని సంక్రాంతి చెబుతుంది. పండగకు ముందు వారం హైదరాబాద్ నుంచి ఆంధ్ర వైపు వెళ్లే ప్రతి బస్సూ నిండుతుంది. అదనపు బస్సులు వేస్తారు, చాలకపోతే సిటీ బస్సుల్నీ దించుతారు. కానీ జనమంతా ఒకవైపే వెళ్తారు కాబట్టి ఆ బస్సులు ఖాళీగా తిరిగొస్తాయి. మన ఊహా లెక్కలో రానూపోనూ ఖర్చు 26,000. వెళ్లేటప్పుడు నిండా 500 చొప్పున 18,000 వచ్చినా 8,000 నష్టం. ఒకటిన్నర రెట్లు, అంటే 750 తీసుకుంటే 27,000 వస్తుంది, వెయ్యి మిగులుతుంది. పండగ స్పెషల్ బస్సుల్లో మామూలు ధర మీద యాభై శాతం దాకా అదనంగా తీసుకోవడానికి ఆర్టీసీ చెప్పే కారణం ఈ ఖాళీ తిరుగు ప్రయాణమే. ప్రయాణికుడి కంటికి మాత్రం వెళ్లే బస్సు నిండుగా కనిపిస్తుంది, ఖాళీగా తిరిగొచ్చిన బస్సు కనిపించదు. అందుకే ‘పండగపూట దోచుకుంటున్నారు’ అన్న మాట ఏటా వినిపిస్తుంది.

ధర అనే మీట అసలు లేనిచోట ఇంకో సంగతి బయటపడుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. టికెట్ సున్నా అయినప్పుడు రద్దీ వేళ ధర పెంచి, ఖాళీ వేళ తగ్గించి ఆ ప్రయాణికులను అటూ ఇటూ జరపడం కుదరదు. మిగిలేది సరఫరా వైపు పనే: రద్దీ వేళకు ఎక్కువ బస్సులు, మధ్యాహ్నం తక్కువ, ఏ రూట్లో ఎక్కడ ఎందరు దిగుతున్నారో టికెట్ యంత్రాల లెక్క చూసి సర్దడం.

ఒక మందు, ఇంకో నొప్పి

ఇప్పుడు నాలుగింటినీ కలిపి చూడొచ్చు. చివరి గంటలో ధర తగ్గించి సీట్లు నింపితే పెరిషబిలిటీకి ఉపశమనం. కానీ బస్సు ఎలా ఉంటుందో చూడలేనివారికి ధర కూడా ఒక ఆనవాలే. మరీ తగ్గితే ‘ఇందులో ఏదో లోపముంది’ అనుకుంటారు. అంటే ఇంటాంజిబిలిటీ దగ్గర దెబ్బ. ప్రతి సీటూ నింపితే ఎక్కించుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది, ఆలస్యంగా వచ్చేవారి సంఖ్యా పెరుగుతుంది, వేళలో చెదురు ఎక్కువవుతుంది. ఇది వేరియబిలిటీ. పక్క సీటు ఖాళీగా ఉండి హాయిగా పడుకునే వీలు పోయినవారికి అదే టికెట్‌లో తక్కువ సేవ అందింది. ఇది ఇన్‌సెపరబిలిటీ.

పరీక్ష రాసేటప్పుడు ప్రతి లక్షణానికీ మూడు మెట్లు ఉంటే జవాబు నిండుగా ఉంటుంది: లక్షణం ఏమిటి, దానివల్ల అమ్మేవారికి వచ్చే చిక్కేమిటి, దానికి చేసే ఉపాయమేమిటి. చిక్కు చెప్పకుండా ఉపాయం రాస్తే అది ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియదు. ఐదు మార్కుల ప్రశ్నకు ఒక్కో లక్షణానికి రెండు మూడు వాక్యాలు చాలు. పది, పదిహేను మార్కులదైతే ఒకే ఉదాహరణను నాలుగింటిలోనూ నడిపించి, చివర లవ్‌లాక్, గుమెసన్ విమర్శ చేర్చాలి.

సాధనకు ఒక ప్రశ్న. ఒక కోచింగ్ సెంటర్ తన అధ్యాపకుడి పాఠాలను వీడియో తీసి ఫోన్ యాప్‌లో అమ్ముతోంది. నాలుగు లక్షణాల్లో ఏవి మారాయి? పాఠం ఇప్పుడు నిల్వ ఉంటుంది, అర్ధరాత్రి చూసినా అదే పాఠం, కాబట్టి ఆ మేరకు పెరిషబిలిటీ పోయింది. ఎవరు ఎప్పుడు చూసినా మాట మారదు, కాబట్టి సంస్థ వైపు వేరియబిలిటీ కూడా తగ్గింది. అధ్యాపకుడు, విద్యార్థి ఒకే వేళ ఉండక్కర్లేదు, కాబట్టి ఇన్‌సెపరబిలిటీ సడలింది. కొనకముందు దాని విలువ తెలియకపోవడం మాత్రం అలాగే ఉంది, అందుకే మొదటి రెండు పాఠాలు ఉచితంగా చూపిస్తారు. అదే సెంటర్ ఆదివారం సాయంత్రం గంటసేపు సందేహాలు తీర్చే ప్రత్యక్ష క్లాసు పెట్టి, దానికి ఇరవై మందికే చోటుండి, పదమూడు మందే వస్తే? ఖాళీగా పోయిన ఏడు చోట్లను పట్టుకుని జవాబును ఇక్కడి నుంచి విద్యార్థే కొనసాగించవచ్చు.